పేరు రాయని డబ్బాల్లో చిరుధాన్యాలు: ఫోటో ఎంతవరకు చెబుతుంది?

ప్రశ్న: అయ్యా, మా అత్తగారింట్లో పాత డబ్బాల్లో నాలుగు రకాల గింజలు దొరికాయి. వేటి మీదా పేరు లేదు. రాగులు, జొన్నలు, సజ్జలు, కొర్రలు అనుకుంటున్నాం. నాలుగింటికీ ఫోటోలు తీసి పంపుతున్నాను, చూసి చెప్పగలరా? నాలుగోది కొర్రే అయితే ఈ ఖరీఫ్‌లో ఒక ఎకరం వేద్దామని ఉంది. (ఒక రైతు, కల్యాణదుర్గం, అనంతపురం జిల్లా)

జవాబు: మొదటి మూడూ మీరు అనుకున్నవే. చిక్కంతా నాలుగో డబ్బాతోనే. అందులో ఉన్నది ఒక్క రకం గింజ కాదని నా అనుమానం. దాని సంగతికి వచ్చే ముందు మొదటి మూడింటి గురించి కాస్త చెబుతాను.

ముదురు ఇటుక రంగులో ఉన్న చిన్న గుండ్రటి గింజలు రాగులు. పక్కన కొలత లేకుండా దగ్గరగా తీసిన ఫోటోలో రాగుల్ని చూసి ఆవాలనుకునే వీలుంది. మీ ఫోటోలో గింజలకు మెరుపు లేదు, పైభాగం గరుకుగా ఉంది, కొన్నింటి మీద పల్చటి పొర లేచి కనిపిస్తోంది. రాగి గింజకు పైపొర వదులుగా ఉంటుంది, అరచేతిలో నలిపితే రాలిపోతుంది. ఇంకా అనుమానం ఉంటే నాలుగు గింజలు రాయి మీద నూరి చూడండి. రాగి తెల్లటి పిండి అవుతుంది. ఆవగింజైతే లోపల పసుప్పచ్చగా ఉండి వేలికి నూనె అంటుతుంది. రంగును మాత్రం గుడ్డిగా నమ్మకండి. విజయనగరం పరిశోధనా స్థానం నుంచి వచ్చిన హిమ రకం రాగి గింజ తెల్లగానే ఉంటుంది.

రెండో ఫోటోలో గింజలు బూడిద రంగులో ఉండటం చూసి వాటినే సజ్జలనుకునే వాళ్లుంటారు. అవి బూజు పట్టిన తెల్ల జొన్నలు. గింజ గట్టిపడే రోజుల్లో ముసురు పడితే జొన్నకు ఇలా అవుతుంది. ఒక గింజ మీద నల్ల మచ్చ, ఇంకోదాని మీద గులాబీ చాయ, పక్కన ఇంకోటి శుభ్రంగా తెల్లగా ఉంది చూడండి. సజ్జల్లో అయితే ఒక రకంలోని గింజలన్నీ దాదాపు ఒకే రంగులో ఉంటాయి. అంతకన్నా గట్టి ఆధారం ఆకారం. జొన్న గుండ్రంగా, నాలుగు మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, కంకికి అతికిన చోట చిన్న నల్లటి చుక్క కనిపిస్తుంది. మీ మూడో ఫోటోలోని సజ్జ పలక రంగులో, పైన వెడల్పుగా, అడుగున కొసదేరి ఉంది. ఆ జొన్నలు విత్తనానికి పనికిరావు, తినడానికీ వాడకండి.

ఇక నాలుగోది. రాగి, జొన్న, సజ్జ నూర్చగానే ఒట్టి గింజగా బయటికొస్తాయి కాబట్టి ఫోటోలో మనం చూసేది గింజనే. కొర్ర, వరిగ, సామ, ఊద అలా కాదు. వాటికి గట్టి పొట్టు అంటుకునే ఉంటుంది, ఫోటోలో కనిపించేది ఆ పొట్టు మాత్రమే. పసుపు రంగు పొట్టున్న కొర్ర, అదే చాయలో ఉన్న వరిగ ఫోటోలో అక్కచెల్లెళ్లలా ఉంటాయి. మీ ఫోటోలో ఎక్కువ గింజలు చిన్నవి, కోలగా, లేత పసుపులో ఉన్నాయి. వాటి మధ్య అక్కడక్కడ కాస్త పెద్దవి, నున్నగా, వెలుతురుకు మెరిసేవి కనిపిస్తున్నాయి. చిన్నవి కొర్రలని, పెద్దవి వరిగలని అనుకుంటున్నాను. మీరు పక్కన రూపాయి నాణెం పెట్టారు కానీ పాత రూపాయి ఒక సైజు, కొత్తది ఒక సైజు. దాన్ని పట్టి గింజ పొడవు చెప్పలేను.

ఇది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. చిన్న గింజల్ని, పెద్ద గింజల్ని చేత్తో ఏరి వేరుగా పెట్టండి. పిల్లల స్కేలు మీద ఒక్కో రకాన్ని పొడవు వెంట, ఒకదాని కొసకు ఒకటి తగిలేలా పేర్చండి. రెండు సెంటీమీటర్లలో కొర్రలు సుమారు పది పడతాయి, వరిగలు ఏడుకు మించవు. ఒకటి అరా తేడా వస్తుంది, దాని గురించి పట్టించుకోకండి.

తర్వాత తూకం. గ్రాములో పదోవంతు చూపే చిన్న కాటా ఊళ్లో కంసాలి దగ్గర దొరుకుతుంది. తాలు గింజలు తీసేసి, ఒక్కో రకంలో 500 గట్టి గింజలు లెక్కపెట్టి తూచండి. కొర్రలైతే గ్రామున్నర లోపు తూగుతాయి. వరిగలైతే దాదాపు రెట్టింపు, రెండున్నర నుంచి మూడు గ్రాములు. రెండింటికీ మధ్యలో, రెండు గ్రాముల దగ్గర ఆగిందంటే ఏరడంలో కలిసిపోయాయని అర్థం. పెద్దవి 500 దొరక్కపోతే వంద తూచి ఐదుతో హెచ్చవేయండి, కాకపోతే అప్పుడు కాటా ఇంకా సూక్ష్మంగా చూపేదై ఉండాలి. కొర్రకూ సామకూ మధ్య మాత్రం ఈ తూకం అంతగా తేల్చదు, రెండూ తేలికే. సామ పొట్టు సాధారణంగా బూడిద, గోధుమ చాయల్లో నిగనిగలాడుతుంది. మీ ఫోటోలో అలాంటివి నాకు కనిపించలేదు.

నాకు బాగా నమ్మకమున్న గుర్తు పొట్టు లోపల ఉంది. పది గింజల్ని రెండు చెక్కల మధ్య మెల్లగా రాపాడించి పొట్టు తీయండి. గట్టిగా నొక్కితే చూడాల్సిన మొలక భాగమే ఊడిపోతుంది. లోపలి గింజకు ఒక పక్క కాస్త లోతుగా, వేరే చాయలో ఉన్నదే మొలక భాగం. భూతద్దంతో, అది లేకపోతే ఫోన్ కెమెరాతో దగ్గరగా చూడండి. కొర్రలో అది సన్నగా, గింజ పొడవులో మూడింట రెండు వంతులు, అంతకన్నా ఎక్కువ దూరం పాకి ఉంటుంది. వరిగలో వెడల్పుగా, సగం దగ్గరే ఆగిపోతుంది. మిల్లులో పాలిష్ పట్టిన బియ్యంలో ఈ భాగం చాలావరకు పోతుంది. అందుకే కొర్ర బియ్యం, ఊద బియ్యం ఫోటోలు పంపి ఏదేమిటో చెప్పమంటే నేను గట్టిగా చెప్పలేను.

మళ్లీ ఫోటో పంపేటప్పుడు ముప్పై నలభై గింజల్ని ముదురు రంగు గుడ్డ మీద ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. పక్కన స్కేలు పెట్టి, పగటిపూట నీడలో, ఫ్లాష్ లేకుండా తీయండి. ట్యూబ్‌లైట్ కింద తీస్తే పసుపు, తెలుపు తేడా తెలియదు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత తగ్గకుండా వస్తుంది.

ఎకరం వేసే సంగతి. కొర్ర అని తేలినంత మాత్రాన అది విత్తనం అయిపోదు. డబ్బాలో ఎన్నేళ్లుగా ఉందో మీకే తెలియదు, ప్రాణం ఉందో లేదో ఫోటోలో కనపడదు. ఏరిన కొర్రల్లోంచి వంద గింజల్ని తడి గుడ్డలో వరసలుగా పేర్చి, చుట్టి, ఆరిపోకుండా తడుపుతూ ఉంచండి. వారం పది రోజుల్లో వేరూ మొలకా రెండూ సరిగా వచ్చినవి లెక్కపెట్టండి. ధ్రువీకరించిన విత్తనానికి కనీసం 75 శాతం మొలక ఉండాలి. అది దాటినా ఎకరం మొత్తం దీంతోనే వేయమని నేను చెప్పను, ఎందుకంటే ఏరడంలో తప్పిన వరిగలు కొర్రకన్నా ముందే పండి, మీరు కోతకొచ్చేసరికి రాలిపోతాయి. ఈసారి రెండు మూడు సెంట్లలో వరసల్లో వేసుకుని, వెన్ను తీశాక చూడండి. కొర్ర కంకి దట్టంగా నక్క తోకలా ఒంగుతుంది, వరిగది వదులుగా కొమ్మలు కొమ్మలుగా వేలాడుతుంది. వరిగ మొక్కల్ని గింజ రాలక ముందే పీకేసి, మిగిలిన మంచి కొర్ర కంకుల్ని విడిగా కోసి దాచుకుంటే వచ్చే ఏడాది ఎకరానికి కావలసిన రెండు కిలోల విత్తనం మీ చేతిలోనే ఉంటుంది. ఈ ఖరీఫ్‌లోనే ఎకరం వేయాలనుకుంటే నంద్యాల పరిశోధనా స్థానం నుంచి వచ్చిన సూర్యనంది రకం విత్తనం ఉందేమో మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.