దాచాడు, దాచాలి: ‘చా’ ఒకటే, పలుకు రెండు

“తిరుపతిలో మా తమిళ కోడలికి తెలుగు నేర్పిస్తున్నా. దాచాడు, దాచాలి: రెండిట్లో ‘చా’ వేరుగా ఎందుకు పలుకుతారని అడిగింది. ఏం చెప్పాలి?”

అచ్చ తెలుగు మాటల్లో ఇ, ఎ ముందు చ తాలవ్యమండి, నాలుక అంగిలికి తగులుతుంది: చేప, చెట్టు. అ, ఉ, ఒ ముందు దంత్యం, నాలుక పళ్ల వెనక్కి వస్తుంది: చాప, చుక్క. అందుకే ‘దాచు’ దంత్యం, ‘దాచి’ తాలవ్యం.

ఇక దాచాడు అసలు ‘దాచినాడు’. మన చిత్తూరు వైపు ఇప్పటికీ అలాగే అంటాం కదా! ‘ఇ’ కరిగిపోయినా దాని ప్రభావం చకారం మీద మిగిలింది. దాచాలి ‘దాచవలె’ నుంచి వచ్చింది, అక్కడ ‘ఇ’ లేదు.

చంద్రుడు లాంటి సంస్కృత మాటలకు మాత్రం ఈ లెక్క పట్టదు, అక్కడ ‘అ’ ముందూ తాలవ్యమే. కోడలు ముందు అక్కడే తికమకపడుతుంది. జ కూడా ఇంతే: జొన్న దంత్యం, జిల్లేడు తాలవ్యం.