తల్లి తెలుగు, తండ్రి ఒడియా: ఒకే గడి ఉన్న ఫారంలో పిల్లల మాతృభాష

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా. నేను తెలుగుదాన్ని, మావారు ఒడియా. బాబును బడిలో చేర్పిస్తే మాతృభాషకు ఒకే గడి ఉందని, ఇంటిపేరు చూసి ఒడియా అని వేసేశారు. రేపు జనగణన వాళ్ళు వచ్చినా అదే చెప్పాలా? రెండు భాషలూ రాయించుకోవచ్చా? మా కులాలు కూడా వేరు. ఆ గడి సంగతి ఏమిటి?

జవాబు:

నేను కాశీనగర్ ప్రాంతంలో ఉపాధ్యాయుడిగా పనిచేశాను. 2011 జనగణనలో ఎన్యూమరేటరుగా ఇళ్ళు తిరిగాను, బడి ప్రవేశ రిజిస్టర్లూ నింపాను. మీరు అడిగిన గడులు చూడటానికి ఒకేలా ఉంటాయి గాని, ఒక్కొక్క దానికి ఒక్కొక్క నియమం ఉంది. జనగణనలో మాతృభాషను తేల్చేది తల్లి ఆ బిడ్డతో మాట్లాడే భాష. బడిలో తేల్చేది తల్లిదండ్రులు ఇచ్చే మాట. కులం విషయంలో తేల్చేది తహసీల్దారు ఇచ్చే ధ్రువపత్రం. అందువల్ల ఒకచోట పడిన మాట మరొకచోట కూడా పడి తీరాలన్న నిర్బంధం లేదు.

ముందు జనగణన గురించి చెబుతాను, ఎందుకంటే ఎక్కువ మంది పొరబడేది అక్కడే. 2011లో మాకు ఇచ్చిన సూచనల పుస్తకం ప్రకారం, ఒక వ్యక్తి చిన్నతనంలో అతని తల్లి అతనితో ఏ భాషలో మాట్లాడిందో అదే అతని మాతృభాష. పసితనంలోనే తల్లి చనిపోయి ఉంటే, ఆ వ్యక్తి చిన్నప్పుడు ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాషను రాయాలి. మాటలు రాని పసిబిడ్డలకైతే తల్లి మామూలుగా మాట్లాడే భాషను రాయాలి. ఒక ఇంట్లో అందరి మాతృభాషా ఒకటే కానవసరం లేదు కాబట్టి ప్రతి మనిషి గురించీ విడివిడిగా అడగాలని కూడా అందులో స్పష్టంగా ఉంది. తండ్రి భాష, ఇంటిపేరు, మతం, ఉంటున్న రాష్ట్రం, ఇవేవీ ఆ నిర్వచనంలో లేవు.

ఈ నియమాన్ని నిజమైన ఇళ్ళకు అన్వయించేటప్పుడు ఏమవుతుందో రెండు ఉదాహరణలతో చెబుతాను. మొదటి ఇంట్లో తండ్రి తెలుగు, తల్లి ఒడియా, తండ్రి తల్లి కూడా వారితోనే ఉంటుంది. అరుగు మీద కూర్చున్న ఆ నాయనమ్మ, "మా ఇంట్లో అందరిదీ తెలుగే, రాసుకో బాబూ" అని ఒక్క మాటలో తేల్చేసింది. ఆవిడ మాట ప్రకారం రాసుకుని ముందుకు వెళ్ళిపోతే పని సులువుగా అయిపోతుంది, చాలా ఇళ్ళలో జరిగేది కూడా అదే. కాని కోడలిని విడిగా అడిగితే ఆమె మాతృభాష ఒడియా అని, పిల్లలకు పాలు పట్టినా కోప్పడినా ఒడియాలోనేనని తెలిసింది. కాబట్టి నాయనమ్మకూ కొడుకుకూ తెలుగు, కోడలికీ ఇద్దరు పిల్లలకూ ఒడియా రాయాలి. నాయనమ్మకు అది నచ్చలేదు, మనుమలను వేరే కులంలో కలిపేశారన్నంత బాధ పడింది. నిజానికి ఆ పిల్లలకు తెలుగు కూడా బాగా వచ్చు. దానికి పక్కనే మరో గడి ఉంది, ఆ సంగతి కింద చెబుతాను.

రెండవ ఇల్లు ఇంకా చిక్కుగా ఉంటుంది. తల్లి సవర కుటుంబంలో పుట్టి సవర మాట్లాడుతూ పెరిగింది. తండ్రి తెలుగువాడు, అతనికి సవర రాదు. అందుకని ఆమె పిల్లలతో మొదటి నుంచీ తెలుగులోనే మాట్లాడుతుంది, పుట్టింటికి వెళ్ళినప్పుడు మాత్రం పిల్లలు సవర వింటారు. ఇక్కడ తల్లి మాతృభాష సవర. పిల్లల మాతృభాష మాత్రం నియమం ప్రకారం తెలుగు, ఎందుకంటే నిర్వచనం అడుగుతున్నది తల్లి పుట్టుకను గురించి కాదు, ఆమె ఆ బిడ్డతో వాడిన భాషను గురించి. జనగణనలో పిల్లల వారసత్వం మొత్తం నమోదవుతుందని అనుకునేవారు ఈ పరిమితిని గుర్తుంచుకోవాలి. ఆ గడి ఒక తరం నుంచి తర్వాతి తరానికి ఏ భాష దాటిందో చూపగలదు గాని, ఆ పిల్లలలో ఎవరెవరి రక్తం ఉందో చూపలేదు.

ఇక రెండు భాషలూ కలిపి రాయించుకోవడం గురించి. మాతృభాష గడిలో ఒకే పేరు రాయాలి. ప్రజలు చెప్పిన పేర్లను చెప్పినట్టే రాసుకుని, ఆ తరువాత కార్యాలయంలో వాటిని వడపోసి, వర్గీకరించి లెక్కిస్తారు. 2011లో అలా వచ్చిన ముడి పేర్లు 19,569. వడపోత తరువాత వాటిలో 1,369 పేర్లు గుర్తించిన మాతృభాషలుగా నిలిచాయి, మరో 1,474 పేర్లు వర్గీకరణకు లొంగక "ఇతర" కింద పడ్డాయి. "తెలుగు-ఒడియా" అని పట్టుబట్టి రాయిస్తే రెండు భాషల లెక్కలోనూ మీ బాబు చేరతాడన్న ఆశ పెట్టుకోవద్దు. రెండవ భాషకు సరైన చోటు మాతృభాష పక్కనున్న "తెలిసిన ఇతర భాషలు" అన్న ప్రశ్న. అక్కడ రెండు భాషల దాకా, ఎక్కువగా వచ్చినది ముందు, తక్కువగా వచ్చినది తరువాత రాయవచ్చు. చదవడం, రాయడం రానక్కరలేదు, అర్థం చేసుకుని మాట్లాడగలిగితే చాలు. అయితే ఎన్యూమరేటర్లు అలసిపోయి వదిలేసే గడి కూడా ఇదే. మీ ఇంటికి వచ్చినప్పుడు వారు అడగకపోయినా మీరే గుర్తుచేయండి. మీరు బాబుతో తెలుగులో మాట్లాడుతున్నట్లయితే అతనికి మాతృభాష తెలుగు, ఇతర భాష ఒడియా. మీరు కూడా ఒడియాలోనే మాట్లాడుతున్నట్లయితే, చెప్పడానికి మనసు ఒప్పకపోయినా, నియమం ప్రకారం అది తారుమారవుతుంది. అయినా మీరు చెప్పిన జవాబును ఎన్యూమరేటరు చెప్పినట్టే రాసుకోవాలి, వాదించి మార్చే అధికారం వారికి లేదు.

జనగణనలో మీరు చెప్పినది బడికో తహసీల్దారుకో చేరుతుందన్న భయం అక్కరలేదు. 1948 నాటి జనగణన చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం ఆ పత్రాలను బయటివారు చూడటానికి వీల్లేదు, వాటిని కోర్టులో సాక్ష్యంగా చూపడానికీ మామూలుగా కుదరదు. అంటే ఆ నమోదు మీకు అడ్డం రాదు, ఆధారంగానూ పనికిరాదు.

బడి ఫారం విషయంలో మీదే పైచేయి. 1949లో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక బోధన గురించి చేసిన తీర్మానంలో, తల్లి లేదా తండ్రి లేదా సంరక్షకుడు ప్రకటించిన భాషే మాతృభాష అని చెప్పింది. ఆ తీర్మానంలోనే బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష పిల్లలు ఉంటే ఆ భాషలో చెప్పే ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించాలన్న లెక్క ఉంది. తరువాత రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం కూడా ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సౌకర్యాల గురించే మాట్లాడుతుంది. లెక్క అమలయ్యే తీరు మీద నాకు చాలా ఫిర్యాదులు ఉన్నాయి గాని, అడగడానికి ఆధారం మాత్రం అదే.

ఇప్పుడు మీలాంటి కుటుంబాలు ఆ లెక్కలో ఎక్కడ పడతాయో చూడండి. ఒకటో తరగతిలో అమ్మానాన్నలిద్దరూ తెలుగువారైన పిల్లలు 8 మంది, తల్లి మాత్రమే తెలుగు అయిన పిల్లలు ముగ్గురు ఉన్నారనుకుందాం. గుమాస్తా తండ్రి ఇంటిపేరు చూసి ఆ ముగ్గురికీ ఒడియా వేస్తే తెలుగు పిల్లలు 8 మందే అవుతారు, తెలుగు ఉపాధ్యాయుడి కోసం పెట్టే అర్జీ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఆ తల్లులు తెలుగు అని ప్రకటించి ఉంటే 11 మంది అవుతారు. పర్లాకిమిడి చుట్టుపక్కల వివాహాలు ఇలా కలగలిసి జరగడం కొత్త కాదు, కాబట్టి ఈ తేడా ప్రతి ఏడూ ఏదో ఒక తరగతిలో ఎదురయ్యేదే. అయినా కొందరు తల్లిదండ్రులు వెనకాడతారు, తెలుగు అని రాస్తే పిల్లవాణ్ణి తెలుగు మాధ్యమంలో కూర్చోబెడతారేమోనని. బడి పిల్లల వివరాలను కంప్యూటరులో నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ అయిన యూడైస్ ప్లస్ ఫారంలో మాతృభాష ఒక అంశం, బోధనా మాధ్యమం మరొక అంశం. మాతృభాష తెలుగు అని ఉన్న పిల్లవాడు ఒడియా మాధ్యమంలో నిక్షేపంగా చదువుకోవచ్చు.

మీ బాబుకు పడిన ఒడియాను మార్చాలంటే ముందు ప్రవేశ రిజిస్టరు చూడండి. తప్పు అక్కడే ఉంటే కంప్యూటరులో మార్చినా లాభం లేదు, రేపు టీసీ రాసేటప్పుడు రిజిస్టరులోని మాటే మళ్ళీ దిగుతుంది. ప్రధానోపాధ్యాయుడికి ఇద్దరూ సంతకాలు పెట్టిన అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేసిన నకలు దగ్గర ఉంచుకోండి. రిజిస్టరు దిద్దిన తరువాత యూడైస్ ప్లస్‌లో విద్యార్థి జనరల్ ప్రొఫైల్‌లో దిద్దమని అడగండి. బడి ఆ ఏటి వివరాలను ఖరారు చేయకముందే ఆ పని జరగాలి, లేకపోతే పాత మాటే పై తరగతికీ వెళుతుంది. పెద్దపిల్ల వివరాలు చూసి చిన్నవాడివి నింపడం కూడా మామూలే కాబట్టి, ఇద్దరు పిల్లలుంటే ఇద్దరివీ చూసుకోండి.

కులం గడికి ఇంత వెసులుబాటు లేదు. అక్కడ మీ ప్రకటన ఒక్కటే సరిపోదు. సుప్రీంకోర్టు 2012లో రమేశ్‌భాయ్ దభాయ్ నాయకా కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం, కులాంతర వివాహంలో పుట్టిన బిడ్డది తండ్రి కులమేనన్న ఊహతో మొదలుపెట్టవచ్చు గాని అదే తుది మాట కాదు. షెడ్యూల్డు కులానికో తెగకో చెందిన తల్లి దగ్గర పెరిగి, ఆ సమాజంలోని వివక్షనూ వెనకబాటునూ తానూ అనుభవించినట్టు సాక్ష్యాలతో చూపిస్తే తల్లి కులాన్ని పొందవచ్చు. సరిహద్దు కుటుంబాలకు దీనిమీద మరో ముడి ఉంది. షెడ్యూల్డు జాబితాలు రాష్ట్రానికొకటి. ఆంధ్రలో షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉన్న సమాజానికి చెందిన తెనాలి విద్యార్థి ఒకరు బొంబాయిలో వైద్యవిద్య సీటు కోసం వేసిన కేసులో, వలస వెళ్ళిన రాష్ట్రంలో ఆ హోదా చెల్లదని సుప్రీంకోర్టు 1990లోనే తేల్చింది. మీ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా అయి, మీ పత్రం ఆంధ్రలో తీసుకున్నది అయితే, దాన్ని ఇక్కడి బడిలో చూపించి బాబుకు ఆ హోదా రాయించలేరు.

రాబోయే జనగణనలో అన్ని కులాలనూ లెక్కించాలని 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గ రాజకీయ వ్యవహారాల సంఘం నిర్ణయించింది. 2011లో మేము షెడ్యూల్డు కులాలు, తెగల పేర్లు మాత్రమే రాసుకున్నాం. ఎన్యూమరేటరుతో ఏం చెప్పాలో మీరిద్దరూ ముందుగానే మాట్లాడుకుని ఉండండి, ఎందుకంటే వారు వచ్చే వేళకు ఇంట్లో ఎవరుంటే వారే జవాబు చెబుతారు. బాబు బడి రికార్డులో సామాజిక వర్గం గడికి మాత్రం మీ తహసీల్దారు దగ్గర బాబు పేరు మీద తీసుకున్న పత్రమే ఆధారం. అది చేతికి వచ్చేదాకా ఆ గడిని ఎవరినీ ఊహించి నింపనివ్వకండి.