రెండు వారాల సెలవు గురించి క్లయింట్లకు మెయిల్‌లో ఏమేం రాయాలి?

ప్రశ్న: చిత్తూరులో చిన్న వ్యాపారులకు జీఎస్టీ, టీడీఎస్ పనులు చూస్తుంటాను. ఒక్కడినే, ఆఫీసులో సహాయకులు లేరు. నవంబరు చివర్లో రెండు వారాలు ఊళ్లో ఉండను. పాత క్లయింట్లకు ఏమని మెయిల్ పెట్టాలి? అత్యవసరానికి నా నంబరే ఇవ్వాలా?

జవాబు:

మీ నంబరు ఇవ్వకండి. మీరు ఎత్తుతారని తెలిస్తే ఎవరూ రెండో మనిషికి ఫోను చేయరు. నేను తిరుపతిలో ఇదే పనిలో ఉన్నాను. లాడ్జీలు, పాత్రల దుకాణాలు, చెన్నైకి సరుకు పంపే ఒకరిద్దరు నా క్లయింట్లు. కొన్నేళ్లుగా నేను లేనప్పుడు వాళ్ల పనులు ఇక్కడే ఉన్న తోటి ప్రాక్టీషనరు ఒకాయన చూస్తారు, ఆయన లేనప్పుడు ఆయనవి నేను చూస్తాను. ఈ ఏర్పాటు కుదిరాకే మెయిల్ రాయడానికి కూర్చోవాలి.

మొదట తేదీలు. నెలవారీ జీఎస్‌టీఆర్-3బీ 20న అయిపోతుంది, తర్వాతి జీఎస్‌టీఆర్-1 గడువు 11. కాబట్టి నవంబరు 23 నుంచి డిసెంబరు 6 వరకు వెళితే పెద్ద రిటర్నులేవీ మధ్యలో పడవు. పడేవి రెండే. మూడు నెలలకోసారి రిటర్ను వేసేవాళ్లు అక్టోబరు పన్నును నవంబరు 25లోగా కట్టాలి. ఆ చలానా తయారు చేశాక 15 రోజులు చెల్లుతుంది కనుక 20నే తయారు చేసి పంపేయండి, డబ్బు కట్టడం వాళ్ల వంతు. రెండోది డిసెంబరు 7లోగా కట్టాల్సిన టీడీఎస్. మీరు తిరిగొచ్చే రోజే అది ఆఖరు. దాన్ని మీ కోసం ఆపకుండా బదులు మనిషికే అప్పగించండి.

అసలు చిక్కు నోటీసులతో వస్తుంది. జీఎస్‌టీఆర్-1లో చూపిన పన్ను కంటే 3బీలో కట్టింది బాగా తక్కువైతే పోర్టల్‌లో DRC-01B వస్తుంది. తేడా కట్టడానికో, కారణం చెప్పడానికో ఉండేది 7 రోజులు. ఆ పని చేయకపోతే తర్వాతి జీఎస్‌టీఆర్-1 వేయనివ్వదు. రెండు వారాల సెలవులో అలాంటి గడువు మొదలై, మీరు రైలు దిగకముందే ముగిసిపోగలదు. ఒకసారి నేను లేనప్పుడు ఒక లాడ్జి యజమానికి ఇదే వచ్చింది. మెయిల్‌లో ‘జీఎస్టీ నుంచి ఏ సందేశం వచ్చినా అదే రోజు ఫలానా వారికి పంపండి’ అని రాసి ఉండటంతో ఆయన దాన్ని చదవకుండానే పంపేశారు. చదివి ఉంటే ‘సార్ వచ్చాక చూద్దాం’ అనుకునేవారని నా అనుమానం. నాలుగో రోజుకు జవాబు వెళ్లిపోయింది.

సరుకు పంపేవాళ్ల అత్యవసరం ఇంకా తొందరది. దారిలో లారీ చెడిపోయి ఈ-వే బిల్లు గడువు తీరిపోతుంటే, పొడిగించుకునే వీలు గడువుకు 8 గంటల ముందు నుంచి 8 గంటల తర్వాత వరకే. కనుక ‘అత్యవసరమైతే సంప్రదించండి’ అని వదిలేయకుండా ఏది అత్యవసరమో పేరు పెట్టి రాయండి. లేకపోతే లోను కోసం బ్యాంకు అడిగిన పాత బ్యాలెన్స్ షీటు కూడా రాత్రి పదింటికి అత్యవసరమైపోతుంది.

ఇక ఓటీపీ. రిటర్ను వేసేటప్పుడు ఓటీపీ సంతకం చేసే యజమాని ఫోనుకు, మెయిల్‌కు వెళుతుంది. చాలామంది రిజిస్ట్రేషనులో కన్సల్టెంటు నంబరే ఇచ్చేసి ఉంటారు. అలాంటివాళ్లను ఇప్పుడే వెతికి సొంత నంబరుకు మార్పించండి. లేదంటే మీరు కొండల్లో సిగ్నల్ కోసం తిరుగుతుంటే ఇక్కడ బదులు మనిషి ఓటీపీ కోసం ఎదురుచూస్తుంటాడు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ‘మీ కన్సల్టెంటు సెలవులో ఉన్నారు, ఆయన బదులు మాట్లాడుతున్నాను’ అని ఎవరైనా ఫోను చేయవచ్చు. అందుకే ఏ నంబరు నుంచి ఫోను వస్తుందో మెయిల్‌లోనే ఉండాలి.

నేను పంపే మెయిల్ మీ తేదీలతో ఇలా ఉంటుంది:

విషయం: నవంబరు 23 నుంచి డిసెంబరు 6 వరకు మీ జీఎస్టీ, టీడీఎస్ పనులు

నమస్కారం (పేరు) గారూ,

నవంబరు 23 నుంచి డిసెంబరు 6 వరకు నేను సెలవులో ఉంటాను. డిసెంబరు 7 ఉదయం నుంచి మళ్లీ అందుబాటులో ఉంటాను.

మీ అక్టోబరు 3బీ నవంబరు 18లోగా వేసేస్తాను. అందుకు కొనుగోలు బిల్లులు 14వ తేదీకల్లా నాకు చేరాలి. నవంబరు నెల అద్దె, కాంట్రాక్టు చెల్లింపుల వివరాలు డిసెంబరు 2లోగా (బదులు చూసేవారి పేరు) గారికి పంపండి. టీడీఎస్ చలానా ఆయన సిద్ధం చేస్తారు.

ఈ రోజుల్లో జీఎస్టీ నుంచి నోటీసు వచ్చినా, సరుకు లారీని ఆపినా, ఈ-వే బిల్లు మార్చాల్సి వచ్చినా (పేరు) గారికి వెంటనే ఫోను చేయండి: (నంబరు). లారీ విషయమైతే ఏ వేళలోనైనా, మిగతావి ఉదయం 10 నుంచి సాయంత్రం 7 మధ్య. మీ ఫైలులో ఆయనకు అవసరమైనంత వరకు ఇస్తాను. మీకు అభ్యంతరం ఉంటే 15వ తేదీలోగా చెప్పండి.

ఆయన ఈ ఒక్క నంబరు నుంచే మాట్లాడతారు. పాస్‌వర్డు అడగరు. మరే నంబరు నుంచి అడిగినా ఓటీపీ చెప్పకండి. ఆయన చేసే పనికి మీరు విడిగా చెల్లించనక్కరలేదు.

మిగతా విషయాలు నాకు మెయిల్ చేసి ఉంచండి. 7వ తేదీ నుంచి వరుసగా చూస్తాను.

మెయిల్ ఇంతే. ఎక్కడికి వెళుతున్నారో, ఎందుకో రాయకండి. డబ్బు సంగతి మాత్రం తప్పక ఉండాలి. ‘కొత్తాయన బిల్లు వేస్తాడేమో’ అనే బెరుకుతో నోటీసును దాచుకునేవాళ్లు నిజంగానే ఉంటారు. బదులు మనిషితో లెక్క మీరే తేల్చుకోండి, ఈ క్లయింట్ల పని తర్వాత విడిగా పట్టుకోనని ఆయన మాట కూడా ముందే తీసుకోండి. నాకు, మా స్నేహితుడికి మధ్య డబ్బు లేదు, రోజులకు రోజులే బాకీ.

ఈ మెయిల్ నవంబరు మొదటి వారంలో వెళ్లాలి, ఒక్కొక్కరికి విడిగా. అందరినీ ఒకే మెయిల్‌లో పెడితే ఒకే వీధిలోని రెండు లాడ్జీల యజమానులకు ఒకరి వివరాలు ఒకరికి తెలిసిపోతాయి. పైగా ఈ-వే బిల్లు మాట లాడ్జి ఆయనకు అనవసరం, ఆ వాక్యం తీసేయవచ్చు. మూడు నెలల రిటర్ను వాళ్లకు 3బీ వాక్యం బదులు చలానా సంగతి రాయండి.

పంపాక వారంలో ‘సరే’ అని జవాబు రాని వాళ్ల జాబితా రాసుకుని ఫోను చేయండి. తిరుచానూరు బ్రహ్మోత్సవాలు నవంబరులోనో డిసెంబరు మొదట్లోనో పడతాయి, ఆ రద్దీలో మా లాడ్జి వాళ్లు మెయిల్ తెరిచే ప్రసక్తే లేదు. వాళ్లకు అదే విషయం వాట్సాప్‌లో పెట్టి, బదులు మనిషి నంబరును నా ఎదురుగానే ఫోనులో దాయిస్తాను.