ఆఫర్ల లెక్క సరే, అత్యవసర నిధి మాటేమిటి?

ప్రశ్న: మా పాత ఫ్రిజ్‌లో చల్లదనం బాగా తగ్గింది. ఇంటర్ చదువుతున్న మా తమ్ముడిని వెంటబెట్టుకుని కొత్తది చూడటానికి షాపుకు వెళ్లాను. నచ్చిన రెండు తలుపుల ఫ్రిజ్ ధర 38,000 రూపాయలు. యూపీఐతో మొత్తం కట్టేస్తే 4,000 తగ్గింపు, క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద తీసుకుంటే 15 శాతం తగ్గింపు అన్నారు. "నాలుగు వేలు నికరంగా తగ్గుతున్నాయి కదరా, తీసుకుందాం" అన్నాను. "ఆగు అక్కా, ధరను x అనుకుందాం" అంటూ వాడు బిల్లు పుస్తకం వెనక ఇలా రాశాడు:

x − 4000 < x − 0.15x
−4000 < −0.15x
x < 26,667

"మైనస్ తీసేస్తే గుర్తు తిరగబడుతుంది. ధర 26,667 లోపు ఉంటేనే నువ్వు చెప్పిన ఆఫర్ మంచిది. ఇది 38,000. కాబట్టి కార్డే మేలు, 5,700 మిగులుతాయి. పైగా మన డబ్బు మన దగ్గరే ఉంటుంది" అన్నాడు. నాకెందుకో మనసు ఒప్పలేదు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, మే నెల జీతం రాదు. ఇంటి ఖర్చు నెలకు 28,000. బ్యాంకులో 60,000 ఉన్నాయి, వేరే పొదుపు లేదు. ఆఫర్ కాగితం ఫొటో పంపుతున్నాను. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: రెండూ వద్దు. ఆ ఫ్రిజ్ ఇప్పుడు కొనవద్దు. మీ మనసు ఎందుకు ఒప్పలేదో ఆఫర్ కాగితంలో సగం, మీ బ్యాంకు ఖాతాలో సగం ఉంది. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నదీ అందుకే. ఏ ఆఫర్ మేలో తేల్చుకోవడానికి అరగంట తర్జనభర్జన పడి, కొన్నాక చేతిలో ఎంత మిగులుతుందో ఒక్క నిమిషం కూడా చూడని కుటుంబాలు నాకు తరచూ ఎదురవుతుంటాయి.

ముందు మీ తమ్ముడి లెక్క. గుర్తు తిప్పడంలో తప్పేమీ లేదు. చాలామంది అక్కడే బోల్తా పడతారు, అతను పడలేదు. కానీ షాపువాడు నోటితో చెప్పినంతవరకే లెక్కలోకి తీసుకున్నాడు. మీరు పంపిన కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో రెండు షరతులున్నాయి. 15 శాతం తగ్గింపు ఎంత ధర మీదైనా 5,000 దాటదు. నాలుగు వేల తగ్గింపు 30,000, ఆపైన ధర ఉన్న వస్తువులకే. ఈ రెండింటినీ కలిపి చూడండి. 26,667 అనే సరిహద్దుకు అర్థమే లేకుండా పోయింది, ఎందుకంటే ఆ ధరలో నాలుగు వేల ఆఫర్ అసలు వర్తించదు. అది మొదలయ్యే 30,000 దగ్గర 15 శాతమంటే 4,500. ధర 33,333 చేరేసరికి తగ్గింపు 5,000 అవుతుంది, అక్కడ ఆగిపోతుంది. అంటే రెండు ఆఫర్లూ వర్తించే చోట కార్డు ఆఫర్ ఎప్పుడూ పైచేయిగానే కనబడుతుంది, కానీ తేడా 500కు తగ్గదు, 1,000కి మించదు. ఈ కాగితం తయారు చేసినవారు మీ తమ్ముడికంటే ముందే ఆ అసమీకరణం సాధించి పెట్టుకున్నారు. ఎవరు లెక్క వేసినా ఈఎంఐ వైపే మొగ్గేలా అంకెలు అమర్చారు.

కాబట్టి మీకు తగ్గేది 5,700 కాదు, 5,000. యూపీఐ ఆఫర్ కంటే కార్డు ఆఫర్‌లో అదనంగా దక్కేది వెయ్యి రూపాయలు. ఆ వెయ్యికి మీరు చెల్లించే ధర ఎంతో చూద్దాం.

కాగితం ప్రకారం ఈఎంఐకి 16 శాతం వార్షిక వడ్డీ, 12 నెలలు, ప్రాసెసింగ్ రుసుము 199 రూపాయలు. తగ్గింపు పోగా 33,000 మీద నెలకు 2,994 చొప్పున కట్టాలి. ఏడాదికి వడ్డీ దాదాపు 2,930. మామూలు అప్పు వడ్డీ మీద జీఎస్టీ ఉండదు గానీ క్రెడిట్ కార్డు వడ్డీ మీద 18 శాతం ఉంది. అది మరో 527. ప్రాసెసింగ్ రుసుము జీఎస్టీతో కలిపి 235. అన్నీ కలిపితే ఫ్రిజ్ మీకు సుమారు 36,690కి పడుతుంది. యూపీఐతో కట్టేస్తే 34,000. వెయ్యి మిగులుతుందనుకున్న చోట 2,690 పోతోంది.

"అయితే తక్కువ నెలలు పెట్టుకుందాం" అంటాడేమో మీ తమ్ముడు. ఆ లెక్కా వేశాను. ఆరు నెలలకు సుమారు 35,070, మూడు నెలలకు సుమారు 34,280. మూడు నెలల్లో తీర్చేసినా యూపీఐ కంటే ఎక్కువే. ఒకటి రెండు నెలలు కట్టి మొత్తం ముగించేద్దామంటే సాధారణంగా ముందస్తు ముగింపు రుసుము పడుతుంది. కొన్ని ఆఫర్లలోనైతే ఇచ్చిన తగ్గింపునే వెనక్కి లాక్కుంటారు.

అతను రాయవలసిన అసమీకరణం ఇది. ఈ షరతుల్లో 12 నెలల ఈఎంఐకి ప్రతి వంద రూపాయల అప్పు మీద వడ్డీ, జీఎస్టీ కలిసి పదిన్నర రూపాయలు అవుతాయి. అప్పు మొత్తాన్ని L అనుకుంటే, కార్డు ఆఫర్ నిజంగా లాభం కావాలంటే:

0.105L + 235 < 1000

అంటే L సుమారు 7,290 లోపే ఉండాలి. ఏడు వేల అప్పుతో 30,000 దాటిన ఫ్రిజ్ రాదు. కాబట్టి రెండు ఆఫర్లూ వర్తించే చోట ఈఎంఐ గెలిచే ధర ఒక్కటి కూడా లేదు. ఎక్స్ విలువ ఎంత పెంచినా గెలవదు, ఎందుకంటే దక్కే లాభం వెయ్యి దగ్గర ఆగిపోయింది, ఖర్చు మాత్రం ధరతోపాటు పెరుగుతూ పోతుంది.

"మన డబ్బు మన దగ్గరే ఉంటుంది" అన్న వాదన నాకు విసుగు తెప్పిస్తుంది. పెద్ద బ్యాంకుల్లో పొదుపు ఖాతా వడ్డీ ఏడాదికి మూడు శాతం లోపే. 34,000ను ఏడాదంతా కదల్చకుండా ఉంచినా వచ్చేది మహా అయితే వెయ్యి చిల్లర. నెలనెలా వాయిదా కట్టడానికి అందులోంచే తీస్తుంటే అందులో సగం. మూడు శాతానికి దాచుకుని పదహారు శాతానికి అప్పు తెచ్చుకోవడాన్ని పొదుపు అనరు. అదీగాక మీకు మే నెల జీతం రాదు. జూన్‌లో వాయిదా తప్పితే ఆలస్య రుసుము ఒక్కటే కాదు. కార్డు బకాయి పూర్తిగా కట్టకపోతే మిగిలిన దాని మీద నెలకు మూడు శాతం పైచిలుకు వడ్డీ నడుస్తుంది. ఆ కార్డుతో కొత్తగా కొన్న పప్పూ ఉప్పుకు కూడా వడ్డీ లేని గడువు పోతుంది.

"వడ్డీ లేని ఈఎంఐ ఇప్పిస్తాం" అని షాపువాళ్లు మళ్లీ ఫోను చేస్తే నమ్మకండి. సున్నా శాతం వడ్డీ పథకాలు వద్దని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. అలాంటి చోట వడ్డీ ఉంటుంది, దానికి సరిపడా ధరలో తగ్గించి చూపిస్తారు. మీకు రావలసిన నాలుగు వేలు సాధారణంగా అక్కడే మాయమవుతాయి. వడ్డీ మీద జీఎస్టీ మాత్రం మీరే కడతారు.

ఈఎంఐ అవసరం లేకుండా కార్డు ఒకసారి గీకి, గడువు తేదీలోగా మొత్తం కట్టేసే వీలు ఉండి ఉంటే 33,000 < 34,000 అన్న మాట నిజమయ్యేది. మీ కాగితంలో ఆ వీలు లేదు. ఉన్నా నా జవాబు మారదు. అసలు అడ్డంకి ఫ్రిజ్ ధరలో లేదు.

మీ ఇంటి ఖర్చు 28,000. జీతం ఆగినా, ఆసుపత్రి ఖర్చు మీద పడినా తట్టుకోవడానికి కనీసం మూడు నెలల ఖర్చు, అంటే 84,000, ఎప్పుడూ చేతికందేలా ఉండాలి. అందరికీ ఆరు నెలలనే చెబుతాను. మీకు ముందు మూడుతో మొదలుపెడదాం. ఏ ఆఫర్ చూసినా మీరు మొదట రాసుకోవలసింది ఇది:

పొదుపు − ధర ≥ 84,000

ఎడమవైపు 60,000 − 34,000 = 26,000. నెల ఖర్చుకు కూడా చాలదు. అసలు కొనకముందే 60,000 < 84,000. పైగా మే నెల జీతం రాదంటే ఏటా వేసవిలో ఒక నెల ఖర్చు ఈ నిధిలోంచే పోతుంది. ఆ నెల తర్వాత మీ దగ్గర మిగిలేవి 32,000. అప్పుడు అనుకోని ఖర్చు ఏదైనా వస్తే చేతిలో ఉండేది ఆ క్రెడిట్ కార్డే. ఫ్రిజ్ పేరుతో మొదలైన అప్పు వైద్యం అప్పుగా మారడం అలాగే. వ్యక్తిగత రుణం, బంగారం తాకట్టు ఇంత చిన్న కొనుగోలుకు మాట్లాడుకోనవసరం లేదు. స్కూలు వారు ఆరోగ్య బీమా ఇవ్వకపోతే అది ఫ్రిజ్ కంటే ముందు రావాలి.

ఈ వారం చేయవలసినది చెబుతాను. పాత ఫ్రిజ్ తలుపు రబ్బరులో ఒక పది రూపాయల నోటు పెట్టి మూయండి. లాగితే సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు వదులైందన్నమాట. చల్లదనం తగ్గడానికి అదొక్కటే కారణం కావచ్చు. వెనక కాయిళ్ల మీద దుమ్ము పేరుకున్నా ఇదే ఫలితం. ప్లగ్ తీసి తుడవండి. అప్పటికీ చల్లబడకపోతే మెకానిక్‌ని పిలిచి, గ్యాసు తగ్గిందా, కంప్రెసర్ పోయిందా అని అడగండి. గ్యాసు, థర్మోస్టాట్ లాంటివైతే బాగు చేయించండి. కంప్రెసరే పోయి, పాతది ఇక దండగ అని తేలితే ఒక తలుపు ఫ్రిజ్ చూడండి, 18,000 దాటకుండా. మొత్తం కట్టేసి తెచ్చుకోండి. అప్పుడు ఖాతాలో 42,000 ఉంటాయి, నెలన్నర ఖర్చు. నిధికి ఇంకో 42,000 కావాలి.

నెలకు 2,994 ఈఎంఐ కట్టడానికి మీరు సిద్ధపడ్డారు కదా. దాన్ని 3,000 చేసి, జీతం పడిన మరునాడే రికరింగ్ డిపాజిట్‌లోకి మళ్లించండి. మే నెల వాయిదా కోసం ఏప్రిల్ జీతంలోంచే మూడు వేలు పక్కన పెట్టుకోండి. మే నెల ఖర్చు నిధిలోంచి పోకపోతే 14 నెలల్లో 84,000 చేరతారు, పోతే ఆ మేరకు ఆలస్యమవుతుంది. పాతదాన్ని బాగు చేయించి నాలుగైదు వేలతో బయటపడితే పది నెలల్లో అవుతుంది. రెండు తలుపుల ఫ్రిజ్ కోసం పొదుపు ఆ తర్వాతి నెల నుంచి వేరే ఖాతాలో మొదలుపెట్టండి. ఈలోగా దసరా ఆఫర్లు పోతే దీపావళివి వస్తాయి, అవీ పోతే సంక్రాంతివి. అప్పుడు ఆఫర్ కాగితాన్ని మీ తమ్ముడి చేతికే ఇవ్వండి. అడుగున ఉన్న చిన్న అక్షరాలతో మొదలుపెట్టి పైకి చదవమనండి.