హరాత్మక శ్రేణి మొత్తం 15.403683 దగ్గర ఆగినట్టు ఎందుకు కనిపిస్తుంది?

ప్రశ్న: అన్నా, నల్గొండల బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్న. 1 + 1/2 + 1/3 + 1/4 + … అపసరిస్తదని సార్ చెప్పిండు. పదాలు సున్నాకు పోతున్నయి కదా, ఇంక పెరగనీకి ఏముంటది? సీ లాంగ్వేజ్‌ల ప్రోగ్రాం రాసి చూసిన. 15.403683 దగ్గర ఆగింది, 50 లక్షల పదాలు వేసినా అదే వస్తున్నది. మరి మొత్తం అదే అయితది కదా?

జవాబు: తమ్ముడూ, ఆ 15.403683 నీ ప్రోగ్రాంలోని `float` చేసిన పని, శ్రేణికి దానితో సంబంధం లేదు. నిజంగా 50 లక్షల పదాలు కలిపితే 16.002 వస్తుంది. కంప్యూటర్ సరిగ్గా ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అనేది కూడా లెక్క కట్టి చెప్పొచ్చు, కిందికి వచ్చాక చెప్తాను. ముందు నీ మొదటి అనుమానం తీరాలి.

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఒకరు నడక మొదలుపెట్టారనుకో. మొదటి రోజు 1 కిలోమీటరు, రెండో రోజు అర కిలోమీటరు, మూడో రోజు కిలోమీటరులో మూడో వంతు, ఇట్లా రోజురోజుకు తగ్గుతూ పోతారు. 4 కిలోమీటర్లు దాటడానికి ఎన్ని రోజులు? 30వ రోజు ముగిసేసరికి మొత్తం 3.995 కిలోమీటర్లు, అంటే 5 మీటర్లు తక్కువ. 31వ రోజు నడిచేది 32 మీటర్లే, కానీ దాంతో 4 దాటిపోతుంది. నార్కట్‌పల్లి సుమారు 20 కిలోమీటర్లు కదా, 20 దాటాలంటే 27 కోట్ల 24 లక్షల 600 రోజులు పడుతుంది. దాదాపు 7 లక్షల 46 వేల ఏళ్ళు. ఆఖరి రోజు వేసే అడుగు మిల్లీమీటరులో వెయ్యో వంతులు ఒక నాలుగు కూడా ఉండదు, తల వెంట్రుక మందం కంటే చాలా తక్కువ. అయినా 20 దాటుతారు.

ఇప్పుడు అదే మనిషి 1, 1/4, 1/9, 1/16 కిలోమీటర్ల చొప్పున, అంటే 1/n² లెక్కన నడిస్తే? ఎన్ని కోట్ల ఏళ్ళు నడిచినా 1.645 కిలోమీటర్లు దాటరు. రెండింటిలోనూ రోజువారీ దూరం సున్నాకే పోతోంది. ఒకటి ఊరు దాటించింది, ఇంకొకటి ఊళ్ళోనే ఆపేసింది. కాబట్టి పదాలు సున్నాకు పోవడం ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం. శ్రేణి అభిసరిస్తే పదాలు సున్నాకు పోవాల్సిందే, ఈ మాట నిజం. దాన్ని తిరగేసి చదివితేనే తప్పు.

మరి తేల్చేది ఏది? పదాలు ఎంత చిన్నగా అవుతున్నాయి అన్నదాంతో పాటు, ఆ సైజు పదాలు ఎన్ని ఉన్నాయి అన్నది కూడా చూడాలి. 14వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన నికోల్ ఒరెమ్ ఇదే చూశాడు. ఆయన రుజువుకు కూడిక, పోలిక తప్ప ఇంకేమీ అక్కర్లేదు. పదాలను 2, 4, 8, 16 దగ్గర కోసి గుంపులు చెయ్యి:

1/3 + 1/4: ఇందులో చిన్నది 1/4. రెండూ 1/4 అనుకున్నా 1/2 వస్తుంది, అసలు విలువ అంతకంటే ఎక్కువే.

1/5 నుంచి 1/8 వరకు: నాలుగు పదాలు, అన్నిట్లో చిన్నది 1/8. నాలుగు ఎనిమిదో వంతులంటే మళ్ళీ 1/2.

1/9 నుంచి 1/16 వరకు: ఎనిమిది పదాలు, చిన్నది 1/16. మళ్ళీ 1/2.

గుంపు మారినప్పుడల్లా చివరి పదం సగమవుతుంది, పదాల సంఖ్య మాత్రం రెట్టింపవుతుంది. చిన్నదనం వల్ల పోయినదాన్ని సంఖ్య పూర్తిగా పూడ్చేస్తోంది. అందుకే ప్రతి గుంపూ కనీసం అర ఇస్తుంది, గుంపులకు అంతు లేదు. 2^k పదాలు కలిపితే మొత్తం 1 + k/2 కంటే తక్కువ కాదు. నువ్వు ఏ సంఖ్య చెప్పినా దాన్ని దాటే k దొరుకుతుంది.

గుంపుల అసలు విలువలు కూడా ఒకసారి చేత్తో వేసి చూడు: 0.5, 0.5833, 0.6345, 0.6629. పదాలు తగ్గుతున్నా గుంపు మొత్తం తగ్గడం లేదు, పెరుగుతోంది. అట్లా పెరుగుతూ log 2, అంటే 0.6931 దగ్గరికి చేరుతుంది. ఒరెమ్ పద్ధతి లెక్కన 10 దాటాలంటే 2,62,144 పదాలు వెయ్యాలి, నిజానికి 12,367 చాలు. ఆయన ఇచ్చిన అర కింది హద్దు మాత్రమే కనుక ఇంత తేడా. అపసరణ నిరూపించడానికి ఆ హద్దు సరిపోతుంది.

1/n²కి కూడా ఇట్లా రెట్టింపయ్యే గుంపులు పెడితే ఏమవుతుందో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ఈసారి పైహద్దు కావాలి కాబట్టి గుంపులో పెద్ద పదం పట్టుకోవాలి. 1/2², 1/3² కలిపి రెండు 1/4ల కంటే తక్కువ, అంటే 1/2 లోపు. 1/4² నుంచి 1/7² వరకు నాలుగు పదాలు, ఒక్కోటి 1/16కి మించదు, కలిపి 1/4 లోపు. తర్వాతి గుంపు 1/8 లోపు. ఇక్కడ సంఖ్య రెట్టింపైతే పదం నాలుగో వంతుకు పడిపోతోంది, గుంపు పైహద్దు ప్రతిసారీ సగమవుతోంది. అందుకే అన్నీ కలిపినా 2 దాటదు.

పరీక్షలో ఇది రాసేటప్పుడు మార్కులు పోయే చోట్లు మూడు. ఒకటి, 1/3 + 1/4 ని 1/3 + 1/3 తో పోల్చడం. అది పైహద్దు అవుతుంది, మనకు కావాల్సింది కింది హద్దు. గుంపులో చివరి పదమే పట్టుకోవాలి. రెండు, అన్నీ సమాన గుంపులు చెయ్యడం. పదేసి పదాలు తీసుకుంటే 91 నుంచి 100 వరకు సుమారు 0.105, 991 నుంచి 1000 వరకు సుమారు 0.01 వస్తుంది. గుంపు మొత్తాలే తగ్గిపోతున్నాయి కనుక ఆ దారిలో ఏదీ తేలదు. గుంపు సైజు రెట్టింపవడమే ఈ రుజువుకు ప్రాణం. మూడోది నిష్పత్తి పరీక్ష: n/(n+1) ఎప్పుడూ 1 కంటే తక్కువే కాబట్టి అభిసరిస్తుందని రాసేస్తారు. ఆ పరీక్ష అడిగేది నిష్పత్తిని కాదు, నిష్పత్తి అవధిని. అవధి ఇక్కడ సరిగ్గా 1, అప్పుడు ఆ పరీక్ష ఏమీ చెప్పదు.

ఇక నీ ప్రోగ్రాం. నువ్వు రాసింది దాదాపు ఇట్లా ఉండి ఉంటుంది:

```c
float s = 0.0f;
for (long n = 1; n <= 5000000; n++)
    s = s + 1.0f / n;
printf("%.6f\n", s);
```

`float`లో ఒక సంఖ్యకు 24 బిట్ల ఖచ్చితత్వమే ఉంటుంది. అందువల్ల 8కీ 16కీ మధ్య అది ప్రతి సంఖ్యనూ పట్టుకోలేదు. అది పట్టుకోగల సంఖ్యలు మెట్ల మాదిరి ఉంటాయి, మెట్టుకూ మెట్టుకూ మధ్య 1/1048576 దూరం (1048576 అంటే 2^20). ఏదైనా కలిపినప్పుడు జవాబు రెండు మెట్ల మధ్యన పడితే దగ్గరి మెట్టుకు సర్దేస్తుంది. కలిపేది అర మెట్టు కంటే ఎక్కువైతే ఒక పూర్తి మెట్టు ఎక్కిస్తుంది, తక్కువైతే ఉన్నచోటే ఉంచుతుంది.

n 1048576 దాటిన దగ్గర్నుంచి 2097152 వరకు చూడు. అక్కడ 1/n ఒక మెట్టు కంటే తక్కువ, అర మెట్టు కంటే ఎక్కువ. కాబట్టి ప్రతి పదానికీ కంప్యూటర్ పూర్తి మెట్టు వేసేసింది. 1048576 మెట్లు అంటే 1 (ఒక మెట్టు అటూ ఇటూ). ఆ పదాల అసలు మొత్తం పైన చూసిన 0.693 మాత్రమే. అంటే ఆ భాగంలో 0.3 దాకా ఎక్కువ కలిసింది. తర్వాత n 2097152కు చేరగానే 1/n సరిగ్గా అర మెట్టు అయింది, ఆ పైన అర మెట్టు కంటే కిందికి పోయింది. అక్కడి నుంచి ఏది కలిపినా ఉన్న మెట్టు మీదే ఉంటుంది. 50 లక్షలు కాదు, 50 కోట్లు వేసినా అంతే.

అందుకే నీ సంఖ్యలో రెండు తప్పులు ఉన్నాయి. 2097152 పదాల అసలు మొత్తం 15.133, నీకు వచ్చింది 15.404, అక్కడ ఎక్కువ. 50 లక్షల దగ్గర అసలు 16.002, అక్కడ తక్కువ. పదం ఇంకా సున్నా కాలేదని నువ్వే చూడొచ్చు: లూప్ ముగిశాక `1.0f / 5000000` ని `%e` తో ప్రింట్ చేస్తే `2.000000e-07` వస్తుంది. పదం బతికే ఉంది, దాన్ని దాచుకునే చోటు `s` లో లేదు. n 1048576 అయినప్పుడు, 2097152 అయినప్పుడు `s` ని ప్రింట్ చెయ్యి. 14.4037, 15.4037 వస్తాయి, తేడా 1. అదే 0.693 వచ్చి ఉంటే లెక్క సరిగ్గా నడిచినట్టు.

సరిచెయ్యాలంటే సులువైన దారి లూప్ తిరగేయడం: n ని 5000000 నుంచి 1కి దించుకుంటూ కలుపు. చిన్న పదాలు ముందే చిన్న మొత్తంలో కలుస్తాయి, అక్కడ మెట్లు కూడా చిన్నవే కనుక అవి పోవు, జవాబు 16కి దగ్గరగా వస్తుంది. రెండో దారి `s` ని `double` చేసి భాగహారంలో `1.0 / n` అని రాయడం. `1.0f` అట్లాగే వదిలేస్తే భాగహారం `float`లోనే జరుగుతుంది, అది మర్చిపోకు. `double` కూడా ఎప్పటికీ ఆగకుండా ఉండదు. దానికి 53 బిట్లు. మొత్తం 32 దాటాక అర మెట్టు 1/2^48 అవుతుంది, కాబట్టి 2^48 పదాల దగ్గర, మొత్తం 34 ప్రాంతంలో, అదీ నిలిచిపోతుంది. సెకనుకు వంద కోట్ల పదాలు కలిపే మెషిన్ ఉన్నా అక్కడికి చేరడానికి మూడు రోజులు దాటుతుంది కనుక నీ ల్యాబులో అది కనపడదు.