నీ టీమ్‌ని వీక్ అంటారేమో అని భయపడుతున్న అమ్మలుకి

అమ్మలూ, మొన్న బీచ్ రోడ్డు మీద నడుస్తూ నువ్వు చెప్పిందే బుర్రలో తిరుగుతోంది. నీ 8 మందికి రేటింగ్ సగటు 2.9, పక్క టీమ్‌కి 3.8, మేనేజర్లంతా కూర్చుని రేటింగ్‌లు పోల్చి సరిచేసే కాలిబ్రేషన్ మీటింగ్‌లో నీ వాళ్లని వీక్ టీమ్ అనేస్తారేమో అని కదా భయం. అనేస్తారు. నన్ను అన్నారు కాబట్టి చెప్తున్నా.

రుషికొండలో చేసేప్పుడు నేనూ నీలాగే, చెప్పిన పని చెప్పిన టైంకి చేస్తే 3, అంతే. అదే పనికి పక్క మేనేజర్ 4 వేసేవాడు, బోనసేమో 4 నుంచి మొదలు. స్క్రీన్ మీద సగటులు పెట్టేసరికి "మావాళ్లు బాగా చేశారండీ" అన్నా, ఎవడు వింటాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఏడాది మధ్యలో ఆయన దగ్గర్నుంచి నా టీమ్‌కి వచ్చిన కుర్రాడు. అక్కడ 4, నా దగ్గర 3, పని మాత్రం అదే, తప్పులు ఇంకా తగ్గాయి కూడా. ఒక్క మనిషితో రుజువైపోదు గానీ, తేడా మా ఇద్దరి కొలతల్లో ఉందేమో అని గదిలో అందరికీ అనుమానం మొదలైంది. నీకూ అలాంటి మనిషి ఉన్నారేమో ముందే వెతుక్కో.

వెంటనే హెచ్‌ఆర్ ఆవిడ "సరే, సార్ టీమ్ అందరికీ ఒక పాయింట్ కలిపేద్దాం" అంది. దానికి మాత్రం ఒప్పుకోకు. నా 8 మందిలో ఇద్దరు నిజంగానే వెనకబడ్డారు, వాళ్లకి 2 సరైనదే, అందర్నీ లేపేస్తే కష్టపడినోళ్లకీ వాళ్లకీ ఉన్న దూరం అంతే ఉంటుంది, పైగా ఆ ఇద్దరికి తప్పుడు మాట చెప్పినట్టు అవుద్ది.

మేం చేసింది ఏంటంటే, ఒకే గ్రేడ్, అంటే ఒకే హోదాలో ఉన్నవాళ్లని రెండు టీమ్‌ల నుంచి తీసి, పేరూ రేటింగూ దాచి, ఒక్కొక్కరు ఏం చేశారో రెండు మూడు లైన్లు చదివి, మిగతా మేనేజర్లు చీటీ మీద నంబర్ రాసి ఒకేసారి తిప్పారు. ముందు చీటీ రాయాలి, తర్వాతే మాట్లాడాలి, లేదంటే గొంతు పెద్దదున్నోడిదే రేటింగ్. బిల్లింగ్ తప్పుని నెలాఖరు ముందే పట్టుకున్న అమ్మాయికి నేను 3 వేశా, చీటీలన్నీ 4. సిగ్గేసింది, నిజం చెప్తున్నా. చివరికి నా వాళ్లు ముగ్గురు 4 అయ్యారు, ఆ ఇద్దరు 2లోనే ఉన్నారు, పక్క టీమ్‌లో ఇద్దరు 4 నుంచి 3కి దిగారు.

ఇదంతా ఆ రెండు మూడు లైన్ల మీదే నడుస్తుంది చూడు. "బాగా కష్టపడుతుంది, మంచి పిల్ల" అని రాస్తే ఎవరూ నంబర్ వేయలేరు. ఏ పని, ఎవరి సాయంతో, దానివల్ల ఏం మారింది, అది రాయి. స్ట్రిక్ట్‌గా ఉండే మనలాంటోళ్లకి పొగడ్త రాయడమే చేతకాదు, అక్కడే పిల్లలకి దెబ్బ పడుద్ది.

ఇంకోటి, 8 మంది టీమ్‌లో ఇంతమందికే 4 అని ఎవరైనా కోటా పెడితే అడుగు, చిన్న గుంపుకి ఆ లెక్క నిలవదు, గ్రేడ్ మొత్తం మీద చూడమను. రేటింగ్ మారితే కారణం అక్కడే షీట్‌లో రాయించు, రేపు టీమ్‌కి చెప్పాల్సింది నువ్వే.

ఆదివారం ఆ 8 మంది లైన్లు పట్టుకుని ఇంటికి రా, రేటింగ్‌లు దాచేసి నాకు చదివి వినిపించు. పిన్ని వంజరం పులుసు పెడతానంది.

బాబాయ్