రివ్యూ పెట్టే ముందు ఒకసారి ఇది చదువు

కిట్టూ,

మీ అమ్మ మోకాలికి ఇంజెక్షన్ వేసిన ఆ క్లినిక్ మీద నువ్వు రివ్యూ రాసి పెట్టుకున్నావని, రేపో మాపో పెట్టేస్తావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు రాసిందంతా చదివి వినిపించింది కూడా. అమ్మ నొప్పి చూసి ఇంత ఉడికిపోయే కొడుకు ఉన్నందుకు లోపల గర్వంగానే ఉంది, కానీ "తప్పు ఇంజెక్షన్ వేసి మోకాలు పాడు చేశారు" అన్న వాక్యం వినగానే నాకు చెమటలు పట్టాయి. ఎందుకో చెప్తాను, అందాకా అది పెట్టకు.

ముందు మోకాలి సంగతి చూడు, రివ్యూ ఎక్కడికీ పోదు. అది స్టెరాయిడ్ ఇంజెక్షన్ అయితే, వేశాక ఒకటి రెండు రోజులు కొందరికి నొప్పి ముందుకంటే ఎక్కువవుతుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. కానీ నొప్పి, వాపు తగ్గకుండా పెరుగుతూ పోతున్నా, మోకాలు ఎర్రబడి ముట్టుకుంటే వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా ఆగొద్దు, ఆ రోజే డాక్టరుకి చూపించాలి. కీలులో ఇన్ఫెక్షన్ రావడం అరుదే కానీ వస్తే ఆలస్యం చేసే జబ్బు కాదు. ఇంతకీ వేసింది స్టెరాయిడేనా అని అమ్మని అడిగితే తనకి తెలీదంది, నీకూ తెలీదట. మందు పేరే తెలియకుండా అది తప్పు మందని ఎలా రాశావురా?

తిడుతున్నానని అనుకోకు. ఈ పని నీకంటే ముందు నేనే చేశాను.

నాకు బీపీ ఉందని తేలిన కొత్తలో ఒక క్లినిక్‌లో రామిప్రిల్ అనే మాత్ర రాశారు. మూడు వారాలకి దగ్గు మొదలైంది. కఫం లేదు, జ్వరం లేదు, గొంతులో ఈక పెట్టి తిప్పుతున్నట్టు పొడి దగ్గు, పడుకుంటే చాలు పట్టుకునేది. మీ పెదనాన్న పాపం పక్క గదిలోకి మారిపోయారు. క్లినిక్‌కి రెండుసార్లు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, మూడోసారి ఎత్తినావిడ "సిరప్ తాగండి" అని పెట్టేసింది. ఆ రాత్రి కూర్చుని నేనూ నీలాగే రాశాను: "వీళ్లిచ్చిన బీపీ మాత్రతో నా ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఎవరూ ఆ మాత్ర వేసుకోకండి." చాలామంది మెచ్చుకున్నారు, నాకు కడుపు నిండిపోయింది.

తర్వాత ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన చెప్పింది ఇదీ. దగ్గు ఆ మాత్ర వల్లే అయ్యుండొచ్చు, ఆ రకం మాత్రలతో కొంతమందికి పొడి దగ్గు వస్తుంది, అది అందరికీ తెలిసిన సంగతే. ఊపిరితిత్తులకి ఏమీ కాదు. ఆ మాత్ర తప్పు మాత్రా కాదు, చాలామందికి మొదట రాసే వాటిలో అదొకటి, దగ్గు వచ్చినవాళ్లకి వేరే రకానికి మారుస్తారు. మార్చారు, కొన్ని వారాల్లో దగ్గు పోయింది. చూశావా, మాత్ర వల్ల దగ్గు వచ్చిందన్న నా అనుమానం సరైనదే. అయినా నేను రాసిన రెండు ముక్కలూ తప్పే, ఊపిరితిత్తుల మాటా తప్పే, ఎవరూ వేసుకోవద్దన్న మాటా తప్పే.

అంతటితో పోతే నీకీ ఉత్తరం రాసేదాన్ని కాదు. పొద్దున్న నాతో నడకకి వచ్చే ఒకావిడ ఒకరోజు తల తిరుగుతోందని కూర్చుండిపోయింది. ఏమైందంటే, పది రోజుల కిందట బీపీ మాత్ర మానేసిందట. ఎందుకమ్మా అంటే, "ఎవరో రాశారండీ, ఊపిరితిత్తులు పాడవుతాయట" అంది. నా మాటలు నాకే చెప్పింది, రాసింది నేనని ఆవిడకి తెలీదు. చూపిస్తే బీపీ 180/110 ఉంది. మళ్లీ మాత్రలు మొదలుపెట్టారు, ఆవిడకి ఏ ప్రమాదమూ జరగలేదు. కానీ ఆవిడకి దగ్గే రాలేదు కిట్టూ. బాగా పనిచేస్తున్న మందుని నా కోపం చదివి మానేసింది. ఇంటికొచ్చి ఆ రివ్యూ తీసేశాను, అది నేనేనని ఆవిడకి చెప్పడానికి మాత్రం ఇంకో నెల పట్టింది.

తర్వాత చాలాసార్లు అనుకున్నాను, నా అసలు బాధ ఏమిటని. మాత్ర రాసినప్పుడు "పొడి దగ్గు వస్తే ఫోన్ చేయండి, మారుస్తాం" అని ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇవి రెండూ నా కళ్ల ముందు జరిగినవి, ఎవరూ కాదనలేనివి, రేపు అక్కడికి వెళ్లేవాళ్లకి పనికొచ్చేవి. సరిగ్గా అవే నేను రాయలేదు.

ఇప్పుడు నీది చూద్దాం. "తప్పు ఇంజెక్షన్ వేశారు" తీసేసి, "ఇంజెక్షన్ వేసే ముందు మందు పేరు గానీ, తర్వాత నొప్పి పెరగొచ్చా అన్నది గానీ మాకు చెప్పలేదు, వేశాక రెండు రాత్రులు అమ్మకి నొప్పి ఎక్కువైంది" అని రాయి. ఇంజెక్షన్ వల్లే పెరిగిందని నువ్వు తేల్చక్కర్లేదు, ఏది ముందు ఏది తర్వాత అన్నది చెప్తే చాలు. "డబ్బుల కోసం అనవసరంగా స్కాన్ తీయించారు" అన్నావు, ఆ స్కాన్ అక్కర్లేదని నీకెలా తెలుసు, వాళ్ల మనసులో డబ్బే ఉందని ఎలా తెలుసు? లాయర్ నోటీసులు ఇలాంటి మాటల మీదే వస్తాయి, నా భయం నాది. "స్కాన్ ఎందుకని అడిగితే కారణం చెప్పలేదు, రిపోర్టు చేతికివ్వలేదు" అని రాయి, నిజంగా అడిగి ఉంటేనే. అడగలేదని అమ్మ అంటోంది మరి. అయితే ఇప్పుడు అడుగు. మందు పేరు, స్కాన్ కారణం, రిపోర్టు కాపీ, మూడూ రాతపూర్వకంగా అడిగి రెండు రోజులు చూడు. వాళ్లు జవాబిస్తే అదీ రాయి, ఇవ్వకపోతే అదీ రాయి. మందు నిజంగా తప్పేనని అనుమానం ఉంటే ఆ కాగితాలు పట్టుకుని ఇంకో డాక్టరుకి చూపించు, అది తేలాల్సింది అక్కడ.

నువ్వసలు రాయని వాటిలోనే మంచి సంగతులున్నాయి. పదింటికి అపాయింట్‌మెంట్ అయితే లోపలికి పిలిచింది పదకొండూ నలభైకి, డాక్టరు మాట్లాడింది ఆరు నిమిషాలు, మోకాళ్ల నొప్పులవాళ్లు వచ్చే చోట లిఫ్ట్ లేదు, రెండో అంతస్తు! ఇవన్నీ అమ్మ నాకు మాటల్లో చెప్పింది. మోకాలు నొప్పితో వెళ్లాలనుకునేవాళ్లకి నీ తిట్లకంటే ఆ మెట్ల సంగతి ముఖ్యం. డ్రెస్సింగ్ చేసినమ్మాయి ఓపిగ్గా మాట్లాడిందట, అదీ పెట్టు.

పొగడ్తలోనూ ఇదే జాగ్రత్త. మొన్న నువ్వే ఎక్కడో "ఆ డాక్టరు జలుబు వారంలో మాయం చేశాడు" అని రాశావు. జలుబు చాలామందికి వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది నాయనా.

వెళ్లిన తేదీ, ఎన్నిసార్లు వెళ్లారో రాయి. మందుల చీటీ ఫొటో పెట్టకు, అందులో అమ్మ పేరు, వయసు, ఫోన్ నంబరు ఉంటాయి. పక్కన కూర్చున్న పేషెంట్ల కథలు వద్దు. అన్నిటికంటే ముందు అమ్మని అడుగు, మోకాలు తనది. నాకు చదివి వినిపిస్తూ "వీడు నా వయసు కూడా రాశాడక్కా" అని నసిగింది, నీతో అనలేక నాతో అంది.

మార్చి రాసింది నాకు పంపు, చూస్తాను. అంతకంటే ముందు ఈ రాత్రి వాపు ఎలా ఉందో, ఒళ్లు వెచ్చగా ఉందేమో చూసి ఫోన్ చెయ్యి, ఎంత ఆలస్యమైనా సరే, నేను మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ